డోర్ మీద పాత సొట్ట

మన కాలేజీ పార్కింగ్‌లో బండి కింద పడితే ముందుగా వినిపించే మాట ఒకటుంది: "ఇన్సూరెన్స్ ఉంది కదరా, పాతవి కూడా కలిపి రాయించెయ్." చెప్పేవాడికి మనసులో దొంగతనం చేస్తున్నామన్న భావన ఏమీ ఉండదు. ప్రతి ఏడూ ప్రీమియం కడుతున్నాం, ఒక్కసారి వాడుకుంటే తప్పేంటి అన్న లెక్క అది. నిజం చెప్పాలంటే ఆ లెక్కలో కొంత న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. ఎక్కడ తేడా కొడుతుందో నాకు మొన్న వేసవి సెలవుల్లో తెలిసింది.

మా మావయ్య లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్. పూర్తి పేరు 'సర్వేయర్ అండ్ లాస్ అసెసర్'. పొలాలు కొలిచే సర్వేయర్ కాదు. బండికి దెబ్బ తగిలినప్పుడు ఎంత నష్టమో, అందులో పాలసీ కిందకి ఎంత వస్తుందో లెక్కగట్టే మనిషి. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి కాదు, విడిగా ప్రాక్టీసు చేస్తారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ట్రైనింగ్ అయ్యి, పరీక్ష పాసయ్యి ఈ లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సులిచ్చే ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు ఈ దారి గురించి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. సరే, అది వేరే గొడవ.

నెలన్నర పాటు నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆయన వెనకాల టేపు, కెమెరా పట్టుకుని తిరిగాను. అక్కడ చూసిన ఒక్క ఫైలు గురించే ఇక్కడ రాస్తున్నా. మనుషుల పేర్లు, షెడ్డు పేరు, కంపెనీ పేరు రాయను.

బండి యజమాని ఒక స్కూల్ మాస్టారు. నాలుగున్నరేళ్ల పాత చిన్న కారు, ఇంజిన్ 1500 సీసీ లోపే. బెంజ్ సర్కిల్ దగ్గర రాత్రిపూట ఆటో అడ్డం వస్తే తప్పించబోయి ఎడమ ముందు మూల డివైడర్‌కి కొట్టారు. ఇది నూటికి నూరుపాళ్లు నిజంగా జరిగిన యాక్సిడెంటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

నిజంగా పోయినవి మూడే: ముందు బంపర్, ఎడమ హెడ్‌లైట్, ఎడమ ఫెండర్. బంపర్ 6,000, హెడ్‌లైట్ 5,000, ఫెండర్ 4,000, లేబర్ 4,000, పెయింటింగ్ 8,000. మొత్తం 27,000. జీఎస్టీని లెక్క తేలిగ్గా ఉండటానికి పక్కన పెడుతున్నా. ఇప్పుడు మాస్టారికి ఎంత రావాలి? మనలో చాలామంది 27,000 అంటారు. మాస్టారూ అలాగే అనుకున్నారు.

ఇక్కడే తరుగు వస్తుంది. ఇన్సూరెన్స్ ఉద్దేశం యాక్సిడెంట్‌కి ముందు క్షణంలో బండి ఎలా ఉందో అలా నిలబెట్టడం. నాలుగున్నరేళ్లు వాడిన బంపర్ పోతే కొత్త బంపర్ వస్తుంది కాబట్టి, ఆ పాతకీ కొత్తకీ మధ్య తేడా యజమాని పెట్టుకోవాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి బండి వయసుతో పని లేకుండా 50% కోస్తారు. అద్దాలకి ఏమీ కొయ్యరు. ఇనుప భాగాలకి వయసును బట్టి పెరుగుతూ పోతుంది, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య బండికి 35%. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదుగా తీసుకుని, అందులో సగం కోస్తారు. లేబర్ పూర్తిగా ఇస్తారు.

ఆ ప్రకారం బంపర్‌కి 3,000, హెడ్‌లైట్‌కి 2,500, ఫెండర్‌కి 2,600, లేబర్ 4,000, పెయింటింగ్‌కి 7,000. కలిపితే 19,100. ఇందులోంచి ప్రతి క్లెయిమ్‌కీ యజమాని భరించాల్సిన 1,000 తీసేస్తే 18,100. అంటే మాస్టారు జేబులోంచి పెట్టుకోవాల్సింది 8,900.

షెడ్డు మేస్త్రీ ఆ 8,900 దగ్గరే మొదలుపెట్టాడు. "మీరెందుకు పెట్టుకోవాలి మాస్టారూ? ఎడమ డోర్ మీద ఎలాగూ సొట్ట ఉంది కదా, అదీ ఇందులో కలిపేద్దాం. మీ జేబులోంచి రూపాయి కదలదు, నేను చూసుకుంటా." ఆ సొట్ట ఏడాది పైనుంచి ఉన్నదే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కి రాసుకుంది.

మేస్త్రీ లెక్క చాలా శుభ్రంగా ఉంది, మన అకౌంట్స్ వాళ్లు కూడా మెచ్చుకుంటారు. కొత్త డోర్ 12,000, ఏసీ కండెన్సర్ 9,000, డోర్‌కి పెయింటింగ్ 4,000, అదనపు లేబర్ 2,000. ఇంకో 27,000 కలిసి బిల్లు 54,000 అయింది. తరుగు, ఆ వెయ్యీ పోను కంపెనీ ఇవ్వాల్సింది 37,250 తేలుతుంది. నిజంగా చేసే పని ఏంటంటే, డోర్ మార్చరు, పాత డోర్‌కే సొట్ట తీసి, లప్పం పెట్టి రంగేస్తారు. దానికి 5,000. కండెన్సర్ అసలు ముట్టుకోరు. అసలు ఖర్చు 32,000. మిగిలిన 5,250 మేస్త్రీది. మాస్టారికి 8,900 మిగులు, పైగా పాత సొట్ట ఉచితంగా పోతుంది. కంపెనీకి తప్ప అందరికీ లాభం.

ఈ లెక్కలో మేస్త్రీ గమనించనిది ఒకటుంది. నష్టం 27,000 అయితే కంపెనీ తన సొంత మనిషినే పంపి చూసుకోవచ్చు, చాలాసార్లు ఫోన్‌లో వీడియో తీయించి సరిపెడతారు. మోటార్ క్లెయిమ్ 50,000 దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాలన్నది నిబంధన. 54,000 రాయబట్టే ఆ ఫైలు మావయ్య టేబుల్ మీదికి వచ్చింది.

మొదటి రోజు మేం వెళ్లేసరికి కారు ఇంకా విప్పలేదు. మావయ్య ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. టేపు తీసి ముందు నేల నుంచి దెబ్బ ఎత్తు కొలిచారు. బంపర్ మీద, ఫెండర్ మీద గీతలన్నీ ముందు నుంచి వెనక్కి పోతున్నాయి, డివైడర్ సున్నం అంటుకుని ఉంది. ఫెండర్ ముందు సగం నలిగింది. వెనక సగం, అంటే డోర్‌కి ఆనుకునే వైపు, చెక్కుచెదరలేదు. ఫెండర్‌కీ డోర్‌కీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంది.

"చూశావా, నీ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఇక్కడ పనికొస్తుంది," అన్నారు. "మూలన తగిలిన దెబ్బ డోర్ దాకా రావాలంటే ఫెండర్ మీదుగా రావాలి. మధ్యలో ఫెండర్ వెనక సగాన్ని వదిలేసి గెంతి డోర్ మీద పడదు కదరా."

డోర్ మీది సొట్ట అసలు వేరే రకం. బయటినుంచి లోపలికి నొక్కుకుపోయింది, దాని మీద గీతలు నిలువుగా ఉన్నాయి. రంగు లేచిన చోట అంచుల్లో మట్టి గట్టిపడి ఉంది, తుప్పు రేకును కాస్త తినేసింది కూడా. కొత్తగా రంగు లేచిన ఇనుము మెరుస్తుంది. మన విజయవాడ తేమకి ఒకటి రెండు రోజుల్లో పైపైన ఎర్రగా పొర కట్టొచ్చు. కానీ ఆ పొర వేలితో రాస్తే పోతుంది. రేకును తిన్న తుప్పుకి నెలలు కావాలి. ప్రమాదం జరిగి అప్పటికి మూడు రోజులే.

తర్వాత మావయ్య మేస్త్రీని, "బాబూ, ఒకసారి స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి," అన్నారు. వేశాడు. చల్లగాలి వచ్చింది. కండెన్సర్ పగిలితే గ్యాస్ పోతుంది, దాంతోపాటు కంప్రెసర్ ఆయిల్ కారి చుట్టూ జిడ్డు మరక పడుతుంది. జిడ్డు లేదు, గాలి చల్లగానే ఉంది. "కొంచెం వంగింది సార్, తర్వాత లీకవుద్ది," అన్నాడు మేస్త్రీ. నాకు నవ్వు ఆగలేదు, మావయ్య మాత్రం మొహంలో ఏమీ చూపించకుండా రాసుకున్నారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఎస్టిమేట్‌లో ఎక్కువ ఐటమ్స్ ఉన్నంత మాత్రాన క్లెయిమ్ పోదు. ఎస్టిమేట్ షెడ్డు వాడి కోరిక మాత్రమే. సర్వేయర్ దాంట్లో సంబంధం లేనివాటిని పెన్నుతో కొట్టేసి, మిగతాది పాస్ చేస్తాడు. ఇది రోజూ జరిగేదే. షెడ్డు వాళ్లు ఎక్కువ రాయడం, సర్వేయర్ కొట్టేయడం, కూరగాయల బేరం లాగే. ఆ రోజు మాస్టారు "డోర్ పాతదేనండీ, మేస్త్రీ రాశాడు" అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

మావయ్య ఆయనకి ఆ అవకాశం ఇచ్చారు కూడా. "మాస్టారూ, ఈ డోర్ దెబ్బ కూడా అప్పుడే తగిలిందా? ఆలోచించుకుని కాగితం మీద రాసివ్వండి," అన్నారు. మాస్టారు మేస్త్రీ వైపు చూశారు. తర్వాత, డివైడర్‌కి కొట్టాక ఆటో వచ్చి పక్కనుంచి గుద్దిందని రాసి సంతకం పెట్టారు. అప్పటిదాకా అది ఎక్కువ రాసిన ఎస్టిమేట్. ఆ కాగితంతో అది అబద్ధపు వాంగ్మూలం అయింది.

మాస్టారికి కారు అవసరం, సెలవులు అయిపోతున్నాయి. కంపెనీ ఆమోదం రాకముందే పని చేయించేశారు. పది రోజుల తర్వాత 54,000 బిల్లు, దానితో పాటు డోర్‌కీ కండెన్సర్‌కీ స్పేర్ పార్ట్స్ షాపు ఇన్‌వాయిస్ వచ్చాయి. రిపేరయ్యాక మళ్లీ చూడటాన్ని రీఇన్‌స్పెక్షన్ అంటారు. దానికీ నేను వెళ్లాను.

మావయ్య డోర్ తెరిచి కీలు దగ్గర బోల్టులు చూపించారు. ఫ్యాక్టరీలో డోర్ బిగించిన తర్వాత బాడీతో పాటు బోల్టు తలల మీద కూడా రంగు పడుతుంది. డోర్ ఒక్కసారి విప్పినా స్పానర్ ఆనినచోట ఆ రంగు పగులుతుంది. ఇక్కడ బోల్టుల మీద రంగు పగలలేదు. తర్వాత జేబులోంచి పెయింట్ మందం కొలిచే చిన్న గేజ్ తీసి డోర్ మీద ఆనించారు. కంపెనీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. సొట్ట ఉన్నచోట దానికి ఎన్నో రెట్లు చూపించింది. అది రంగు కాదు, లప్పం. కొత్త డోర్ మీద లప్పం ఎందుకుంటుంది? బంపర్ సందులోంచి టార్చ్ వేస్తే కండెన్సర్ మీద నాలుగున్నరేళ్ల దుమ్ము, ఎండిన పురుగులు అలాగే ఉన్నాయి. మార్చిన పాత డోర్, పాత కండెన్సర్ చూపించమంటే మేస్త్రీ తుక్కువాడికి వేసేశానన్నాడు. మార్చిన భాగాలు చూపించడం యజమాని బాధ్యతే. పైగా పాత డోర్ తుక్కు విలువ కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక కంపెనీ వాళ్లు ఇన్వెస్టిగేటర్‌ని వేశారు. ఆయన చేసిన పని రెండే. స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి ఆ ఇన్‌వాయిస్ నంబర్ అడిగారు. అదే నంబర్ మీద వాళ్ల పుస్తకంలో వేరే కస్టమర్‌కి అమ్మిన బ్రేక్ ప్యాడ్లు ఉన్నాయి. రెండోది, కంపెనీ కంప్యూటర్‌లో పాత ఫొటోలు తీశారు. అంతకు ముందు ఏడాది మాస్టారు రెన్యువల్ పది రోజులు ఆలస్యం చేశారట. పాలసీ తెగిపోతే మళ్లీ ఇచ్చేముందు బండి ఫొటోలు తీసుకుంటారు. ఆ ఫొటోల్లో ఎడమ డోర్ మీద సొట్ట స్పష్టంగా ఉంది, తేదీతో సహా.

లెటర్ వచ్చింది. క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. మొత్తం అంటే ఎక్కువ రాసిన భాగం మాత్రమే కాదు, నిజంగా రావాల్సిన 18,100 కూడా.

మాస్టారు మావయ్య ఆఫీసుకొచ్చి అడిగిన ప్రశ్న నాకు న్యాయంగానే అనిపించింది. "డోర్ తీసెయ్యండి సార్, ఒప్పుకుంటాను. బంపర్ పగిలింది నిజమే కదా, దానివైనా ఇవ్వాలి కదా?" మనకి మార్కులు వేసే పద్ధతి అలవాటు కాబట్టి అలాగే అనిపిస్తుంది. ఒక ప్రశ్న తప్పు రాస్తే ఆ ప్రశ్నకే సున్నా వేస్తారు, పేపరంతటికీ వెయ్యరు. కానీ కాపీ కొడుతూ దొరికితే? ఇన్సూరెన్స్ ఒప్పందం రెండో రకం లెక్క నడుపుతుంది.

క్లెయిమ్ ఫారం చివర చిన్న అక్షరాల్లో ఒక డిక్లరేషన్ ఉంటుంది. నేను ఏదైనా అబద్ధం చెప్పినా, దాచినా, ఈ పాలసీ కింద నాకున్న హక్కులన్నీ పోతాయి అని దాని సారాంశం. చాలా పాలసీ షరతుల్లో కూడా క్లెయిమ్‌లో ఏ భాగమైనా మోసపూరితమైతే మొత్తం ప్రయోజనం పోతుందని ఉంటుంది. దీని వెనక కారణం కఠినమైనదే గానీ అర్థమయ్యేదే. అబద్ధానికి శిక్ష ఆ అబద్ధపు భాగం పోవడం మాత్రమే అయితే, అందరూ ఒకసారి ప్రయత్నించి చూస్తారు. దొరక్కపోతే లాభం, దొరికితే మామూలు డబ్బు ఎలాగూ వస్తుంది. పోగొట్టుకునేది ఏమీ లేని పందెం అది. అలా కాకూడదనే నిజమైన భాగాన్ని కూడా పందెంలో పెట్టారు.

మావయ్య ఇంకో తేడా చెప్పారు. నిజాయితీగా షరతు తప్పినవాళ్లని కోర్టులు ఇంత కఠినంగా చూడవు. సొంత కారుని అద్దెకి తిప్పారన్న కారణంతో క్లెయిమ్ తోసేసిన ఒక కేసులో, 2010లో సుప్రీంకోర్టు పూర్తిగా ఎగ్గొట్టడం కుదరదు, కొంత తగ్గించి ఇవ్వాలంది. అమలేందు సాహూ కేసు అది. బండి పోయిందని వెంటనే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కంపెనీకి చెప్పడం ఆలస్యమైన గురుషిందర్ సింగ్ కేసులో 2020లో ఆ ఆలస్యం ఒక్కదానికే క్లెయిమ్ కొట్టేయకూడదంది. ఆలస్యానికి, పొరపాటుకి జాలి ఉంది. అబద్ధపు కాగితానికి ఆ తలుపు మూసుకుపోతుంది.

అలాగని కంపెనీ 'మోసం' అన్నంతలో మోసం అయిపోదు. ఆ మాట అన్నవాళ్లే రుజువు చేయాలి. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. నిజమైన క్లెయిమ్‌ని అనుమానం పేరుతో నెలల తరబడి తిప్పే కంపెనీలు కూడా ఉన్నాయి, మావయ్యే తిడుతుంటారు. అలాంటివాళ్ల మీద ఫీజు లేకుండా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. మాస్టారికి కూడా ఆ దారి ఉంది. కానీ వెళ్లి ఏం చూపిస్తారు? ఆయన చేతిరాతతో ఉన్న కాగితం, తేదీ ఉన్న సొట్ట ఫొటో, బ్రేక్ ప్యాడ్ల ఇన్‌వాయిస్ అవతలి పక్షం దగ్గరున్నాయి.

పోలీసు కేసు సంగతేంటి అని మీరడగొచ్చు. దొంగ ఇన్‌వాయిస్ పెట్టి డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహితలో మోసం కిందకి వస్తుంది, సెక్షన్ 318. పాత ఐపీసీలో అందరికీ తెలిసిన 420 ఇదే. ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. మోసం కోసం పత్రాలు ఫోర్జరీ చేయడానికి సెక్షన్ 336, ఆ పత్రాన్ని అసలుదని తెలిసి తెలిసి వాడటానికి 340. ఇందులో చివరిది చూడండి. ఇన్‌వాయిస్ తయారుచేసింది మేస్త్రీ కావచ్చు, కానీ కంపెనీకి ఇచ్చింది, కింద సంతకం పెట్టింది మాస్టారు. 54,000 ఫైలుకి ప్రతి కంపెనీ కేసు పెట్టదు, తిరస్కరించి ఊరుకునేవే ఎక్కువ. పెట్టరన్న గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. ప్రభుత్వ టీచర్‌కి ఎఫ్ఐఆర్ అంటే శాఖాపరమైన విచారణ అదనం. మాస్టారి కేసులో కంపెనీ ఫిర్యాదు వరకూ వెళ్లలేదు. ఆయన మాత్రం మూడు నెలలు నిద్రపోలేదని తర్వాత చెప్పారు.

మేస్త్రీ ఏమన్నాడంటే, "మీరు రాయమన్నట్టు రాశానండీ, ఇన్సూరెన్సు సంగతి నాకేం తెలుసు." 32,000 కట్టించుకునే కారు బయటికి పంపాడు. నిజం చెప్పుంటే మాస్టారు 8,900 పెట్టుకుని, డోర్ కూడా బాగుచేయించుకోవాలనుకుంటే ఇంకో 5,000 ఇచ్చి, 13,900తో బయటపడేవారు.

దెబ్బని పెంచడం ఒక రకమైతే, దెబ్బనే పుట్టించడం ఇంకో రకం. ఇది మన వయసువాళ్లకి దగ్గరది, ఎందుకంటే దీనిలో ఎక్కువగా జరిగేది డ్రైవర్‌ని మార్చడం. లైసెన్సు లేని ఫ్రెండ్ బండి నడిపి పడేస్తాడు, లైసెన్సు ఉన్న అన్నయ్య పేరు రాస్తారు. చిన్న సర్దుబాటు లాగే ఉంటుంది. అయితే ఆ అన్నయ్య ఫోన్ ఆ టైములో ఏ టవర్ కింద ఉందో, ఆసుపత్రి రిజిస్టర్‌లో గాయాలు ఎవరికి రాశారో, పక్క షాపు సీసీ కెమెరాలో ఎవరున్నారో, ఇవన్నీ బయటపడతాయి. లైసెన్సు లేనివాడు నడిపితే సొంత బండి నష్టం పోతుంది. అవతలివాళ్లకి గాయమైతే చాలా కేసుల్లో కోర్టు ముందు కంపెనీ చేత కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటుంది. పేరు మార్చి చెప్తే దానికి తోడు పోలీసులకి తప్పుడు సమాచారం ఇచ్చిన నేరం కలుస్తుంది, సెక్షన్ 217. అన్నయ్య చేయని యాక్సిడెంట్‌కి నిర్లక్ష్యపు డ్రైవింగ్ ముద్దాయి అవుతాడు.

దీన్నే పెద్ద ఎత్తున చేసేవాళ్లున్నారు. ఎవరో బైక్ మీద తనంతట తనే జారిపడతాడు, ఆసుపత్రిలో చేర్చినప్పుడు 'బైక్ స్కిడ్' అని రాయిస్తారు. కొన్నాళ్లకి ఇన్సూరెన్స్ ఉన్న ఒక కారు గుద్దిందని ఎఫ్ఐఆర్ పడుతుంది. కారు ఓనర్‌కి కాస్త డబ్బిచ్చి ఒప్పిస్తారు. ఆ ఓనర్ ఒప్పుకుంటున్నది ఏంటో ఒకసారి ఆలోచించండి: నేనే నిర్లక్ష్యంగా నడిపి మనిషిని గుద్దాను అని. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి దొంగ క్లెయిమ్‌లు ఎంత పెరిగాయంటే, 2015లో అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. అందులో లాయర్ల పేర్లు కూడా బయటికొచ్చాయి, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

కావాలని గోడకి గుద్దించిన బండిని ఎలా పట్టుకుంటారని మావయ్యని అడిగితే ఒక హెడ్‌లైట్ బల్బు చూపించారు. రాత్రి లైటు వెలుగుతుండగా ప్రమాదం జరిగితే ఎర్రగా కాలిన టంగ్‌స్టన్ తీగ మెత్తగా ఉంటుంది, గట్టి కుదుపుకి తెగకుండా సాగి వంకర తిరుగుతుంది. గాజు కూడా పగిలితే గాలి తగిలి తీగ ఆక్సీకరణం చెంది బూడిద లాంటి పొర వస్తుంది. లైటు ఆర్పేసి ఉన్నప్పుడు పగిలితే చల్లటి తీగ పెళుసుగా పుటుక్కున విరుగుతుంది, మెరుస్తూ ఉంటుంది. 'రాత్రి పదింటికి ఎదురుగా వచ్చిన లారీ' కథ చెప్పి, పగలు షెడ్డు వెనక గోడకి గుద్దించినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ఎల్ఈడీ లైట్లకి ఇది పనికిరాదు, బల్బుకి దూరంగా తగిలిన చిన్న దెబ్బకీ పనికిరాదు. మావయ్య కూడా దీన్నొక్కదాన్నే నమ్మి రిపోర్టు రాయరు. మెటలర్జీ క్లాసులో నిద్రపోయిన నాకు ఆ తీగ చూశాక పుస్తకం మళ్లీ తీయాలనిపించింది.

మాస్టారి 8,900 సంగతికి వస్తే, ఆ డబ్బు జేబులోంచి పోకుండా ఉండటానికి సక్రమమైన దారి ఒకటి ముందునుంచే ఉంది. దాని పేరు జీరో డిప్రిసియేషన్, షోరూమ్ వాళ్ల భాషలో బంపర్ టు బంపర్. కొంచెం ఎక్కువ ప్రీమియం కడితే తరుగు కొయ్యరు. అది ఉండుంటే ఈ 27,000 బిల్లుకి 26,000 వచ్చేది. సాధారణంగా ఐదేళ్లలోపు బండ్లకే ఇస్తారు, ఏడాదికి ఇన్ని క్లెయిమ్‌లే అన్న పరిమితి కూడా ఉంటుంది. పాలసీ తీసుకునేటప్పుడు మాస్టారు దాన్ని వద్దన్నారట, ప్రీమియం ఎక్కువని.

ఇక మీ బండి ఇప్పటికే షెడ్డులో ఉండి, మేస్త్రీ ఎస్టిమేట్‌లో సంబంధం లేనివి కలిపేశాడని తెలిస్తే ఏం చేయాలి? సర్వేయర్ రిపోర్టు వెళ్లకముందే, ఫలానా ఐటమ్స్ ఈ ప్రమాదానివి కావు, వాటికి నేను క్లెయిమ్ అడగడం లేదు అని రెండు లైన్లు రాసి సంతకం పెట్టి సర్వేయర్‌కీ కంపెనీకీ పంపాలి, కాపీ మన దగ్గర ఉంచుకోవాలి. ఖాళీ క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టి షెడ్డులో వదిలిరాకూడదు. చాలామంది చేసేది అదే, అందులో ఏం రాశారో లెటర్ వచ్చేదాకా వాళ్లకే తెలీదు. మార్చిన పాత భాగాలు సర్వేయర్ చూసేదాకా పారేయనివ్వకూడదు.

మావయ్య బీరువాలో అలా పెన్నుతో మూడు నాలుగు లైన్లు కొట్టేసిన ఎస్టిమేట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పక్కన 'పాతది, యజమాని ఒప్పుకున్నారు' అని ఆయన చేతిరాత. వాటిలో నేను తిరగేసినవన్నీ పేమెంట్ అయిన ఫైళ్లే.